ఆహ్వాన లింక్‌తో చేరిన బీటా యాప్ 19 రోజులకే ఆగిపోయింది: గడువు 90 రోజులు కాదా?

రాతపుస్తకం

నేను మూడేళ్లుగా వాడుతున్న దినచర్య యాప్‌కు 2.0 రూపం వస్తోందని, ముందుగా పరీక్షించదలచినవారు చేరవచ్చని దాని డెవలపర్ ఆగస్టులో ఒక లింక్ ఇచ్చారు. `testflight.apple.com/join/` అని మొదలయ్యే ఆ లింక్‌ను ఆగస్టు 20న నొక్కి, ముందు బీటాలను పరీక్షకులకు అందించే యాపిల్ యాప్ టెస్ట్‌ఫ్లైట్‌ను దించుకుని, దానిలోంచి బీటాను ఇన్‌స్టాల్ చేసుకున్నాను. స్టోర్ నుంచి తీసుకున్న పాత 1.9 స్థానంలోనే అది వచ్చి కూర్చుంది. నా పాత రాతలన్నీ అందులో కనిపించాయి కనుక నిశ్చింతగా వాడసాగాను.

బీటాకు 90 రోజుల గడువు ఉంటుందని ఎక్కడో చదివాను. ఆ లెక్కన నవంబరు 18 వరకు నడవాలి. కానీ సెప్టెంబరు 8న యాప్ తెరవబోతే గడువు తీరిందన్న సందేశం వచ్చింది, యాప్ తెరుచుకోలేదు. చేరి 19 రోజులే అయింది. మూడేళ్ల రాతలు ఇప్పుడు ఆ మూసిన తలుపు వెనక ఉన్నాయి. ఈ బీటాలో వేరే పరికరంతో సమకాలీకరణ కూడా ఇంకా పెట్టలేదు. ఏదైనా పొరపాటు చేశానా? ఇప్పుడు ఏం చేయాలి, ముఖ్యంగా ఏం చేయకూడదు?

ఒంటరిపిచ్చుక

దినచర్యకే దినం పెట్టారన్నమాట.

అర్ధరాత్రిదీపం

ఇది సర్టిఫికెట్ గడువు వ్యవహారం. యాప్‌పై డెవలపర్ చేసే డిజిటల్ సంతకానికి కొంత కాలమే చెల్లుబాటు ఉంటుంది, అది ముగిసిన క్షణాన యాప్ ఆగిపోతుంది. డెవలపర్ తన సర్టిఫికెట్‌ను పునరుద్ధరించుకోలేదు కాబట్టి మీకు ఇలా జరిగింది. నా స్నేహితుడు సొంతంగా రాసుకున్న యాప్ అయితే ఏడు రోజులకే ఆగిపోతుంది, ప్రతి వారం కంప్యూటరుకు తగిలించి మళ్లీ ఎక్కించుకుంటాడు.

కొత్తగా_చేరాను

నాకూ గడువు తీరిందన్న సందేశం వచ్చింది, సెట్టింగ్స్‌లోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయగానే పోయింది. మీరూ చేసి చూడండి.

మరమ్మతుదారు

కొత్తగా_చేరాను గారూ, మీరు చెబుతున్నది ఫోనులోని ఐఓఎస్ బీటా గురించి, అంటే మొత్తం ఆపరేటింగ్ సిస్టమ్ పరీక్షా రూపం గురించి. ఇక్కడి ప్రశ్న ఒక్క యాప్ బీటా గురించి. ఈ రెండింటి గడువులకూ సంబంధం లేదు.

రాతపుస్తకం గారూ, అన్నిటికంటే ముందు ఒక మాట: ఆ యాప్‌ను దయచేసి తొలగించకండి. గడువు తీరితే యాప్ తెరుచుకోదే తప్ప దాని సమాచారం ఫోనులోనే ఉంటుంది. తొలగిస్తే సమాచారం కూడా దానితో పాటే పోతుంది.

బిల్డుమేస్త్రి

అర్ధరాత్రిదీపం గారు చెప్పిన ఏడు రోజుల సంగతి నిజమే, కానీ అది వేరే దారి. రుసుము కట్టని ఖాతాతో, కంప్యూటరు నుంచి నేరుగా సొంత ఫోనులోకి ఎక్కించుకున్న యాప్‌కు ఏడు రోజులే చెల్లుబాటు. రుసుము కట్టిన ఖాతాతో ముందే నమోదు చేసిన ఫోన్లకు పంపే పద్ధతిలో ఆ చెల్లుబాటు ఏడాది వరకు ఉంటుంది. టెస్ట్‌ఫ్లైట్ ఈ రెండింటిలో ఏదీ కాదు. ఇక్కడ డెవలపర్ సర్టిఫికెట్ ఎప్పుడు ముగుస్తుందన్నది మీ గడువును నిర్ణయించదు. గడువు ఒక్కొక్క బిల్డ్‌కు, అంటే డెవలపర్ తయారుచేసి ఎక్కించే యాప్ ప్రతి ఒక్కొక్కదానికి, విడివిడిగా ఉంటుంది, అది 90 రోజులే.

అసలు చిక్కు ఆ 90 రోజులను ఎక్కడి నుంచి లెక్కపెట్టాలన్న దానిలో ఉంది. మీరు చేరిన రోజు నుంచి కాదు, ఇన్‌స్టాల్ చేసిన రోజు నుంచి కాదు, డెవలపర్ ఆ బిల్డ్‌ను యాపిల్ సర్వర్లకు ఎక్కించిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. మీరు చేరిన రోజున టెస్ట్‌ఫ్లైట్‌లో యాప్ పేరు కింద ఇన్ని రోజులు మిగిలాయని ఒక చిన్న వరుస కనిపించి ఉంటుంది. అది గుర్తుందా?

రాతపుస్తకం

గుర్తు లేదు కానీ, చేరిన రోజున ఆ తెరను ఫొటో తీసి మా అక్కకు పంపాను. ఇప్పుడు వెతికి చూశాను. వెర్షన్ `2.0 (118)` అని, దాని దగ్గరే `Expires in 19 days` అని స్పష్టంగా ఉంది. అంత స్పష్టంగా ఉన్నదాన్ని నేనూ చూడలేదు, మా అక్కా చూడలేదు.

బిల్డుమేస్త్రి

అయితే లెక్క తేలిపోయింది. 90లో 19 తీసేస్తే 71. ఆగస్టు 20కి 71 రోజులు వెనక్కి వెళితే జూన్ 10. అంటే 118వ బిల్డ్‌ను ఆయన జూన్ 10న ఎక్కించారు, దాని 90 రోజులు సెప్టెంబరు 8తో నిండాయి. మీరు చేరేనాటికే ఆ బిల్డ్ ఆయుష్షు నాలుగింట మూడు వంతులు కరిగిపోయింది. మీ వల్ల పొరపాటేమీ జరగలేదు. తేదీ దగ్గర పడుతున్న పాత బిల్డ్‌ను అలాగే ఉంచి, కొత్త జనాన్ని పిలవడం ఆయన వైపు అజాగ్రత్త.

బ్రాకెట్లలో ఉన్న 118 కూడా గమనించండి. 2.0 అన్నది వెర్షన్, 118 అన్నది బిల్డ్ సంఖ్య. గడువు వెర్షన్‌కు ఉండదు, బిల్డ్‌కు ఉంటుంది. ఆయన ఒక్క అక్షరం కూడా మార్చకుండా అదే కోడ్‌కు 119 అని సంఖ్య వేసి మళ్లీ ఎక్కించినా, దానికి కొత్తగా 90 రోజులు వస్తాయి.

ఒంటరిపిచ్చుక

పాల పొట్లం మీద తేదీ చూస్తాం, బీటా మీద చూడం.

తొమ్మిదోపేజీ

నాదీ ఇలాంటిదే. నేను పరీక్షించిన వ్యాయామ యాప్‌లో ఏడాది చందా తీసుకున్నాను, అది కొద్ది రోజులకే ముగిసిందని చూపించింది. ఏడాదికని తీసుకున్న చందాను బిల్డ్ గడువు మింగేసినట్టేనా? నా డబ్బు వెనక్కి అడగవచ్చా?

బిల్డుమేస్త్రి

తొమ్మిదోపేజీ గారూ, మీది ఇలాంటిది కాదు. మీ బ్యాంకు ఖాతాను ఒకసారి చూసుకోండి, అసలు డబ్బు పోయి ఉండదు. టెస్ట్‌ఫ్లైట్ బిల్డ్‌లో జరిగే కొనుగోళ్లు పరీక్షా వాతావరణంలో జరుగుతాయి. నిజమైన చెల్లింపు ఉండదు, చందా కాలం కూడా బాగా కుదించి నడుస్తుంది. చందా పునరుద్ధరణ సరిగా జరుగుతుందో లేదో చూడటానికి ఏడాదంతా ఎవరూ కూర్చోలేరు కదా. యాప్ స్టోర్ రూపానికి మారినప్పుడు ఆ కొనుగోలు మీ వెంట రాదు.

తొమ్మిదోపేజీ

చూశాను, నిజంగానే డబ్బు పోలేదు. మూడు వారాలు ఊరికే బాధపడ్డాను.

అర్ధరాత్రిదీపం

సర్టిఫికెట్ విషయంలో నేను వేరే పద్ధతితో కలిపేశాను, ఒప్పుకుంటున్నాను. కానీ రాతపుస్తకం గారికి ఒక సులువైన మార్గం ఉంది. ఫోనులో తేదీని ఆగస్టు 25కు వెనక్కి తిప్పి యాప్ తెరవండి, రాతలను బయటికి తీసుకోండి, మళ్లీ తేదీ సరిచేయండి. నేను ఒకప్పుడు ఒక ఆట బీటాను ఇలాగే మరికొన్ని రోజులు ఆడాను.

మరమ్మతుదారు

నేను ఇదే ప్రయత్నించి విఫలమయ్యాను. తేదీ తిప్పినా యాప్ తెరుచుకోలేదు. పైగా ఫోను తేదీ తప్పుగా ఉన్నంతసేపు బ్రౌజరులో, మెయిల్‌లో సురక్షిత సంబంధాలు ఏర్పడక ఒకదాని తర్వాత ఒకటి హెచ్చరికలు వచ్చాయి, ఎందుకంటే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు కూడా తేదీని బట్టే చెల్లుతాయి.

అర్ధరాత్రిదీపం

నాకు పనిచేసింది. మీరు ఫోనును ఇంటర్నెట్ నుంచి విడదీసి చేశారా?

మరమ్మతుదారు

విడదీశాను. పనిచేయలేదు. మీరు ఏ కాలంలో, ఏ ఐఓఎస్ మీద చేశారో తెలియదు, బహుశా అప్పటి సంగతి వేరేమో. ఏమైనా దినచర్య యాప్‌లో తేదీతో ఆడుకోవడం నాకు నచ్చని పని. తెరుచుకున్నా, అప్పుడు రాసిందీ మార్చిందీ తప్పు తేదీల కింద నమోదవుతుంది.

నెమలికన్ను

టెస్ట్‌ఫ్లైట్‌లో `Previous Builds` అని ఒక జాబితా ఉంటుంది, పాత బిల్డ్‌లకు తిరిగి వెళ్లవచ్చు. 117 ఎంచుకుంటే సరిపోదా?

బిల్డుమేస్త్రి

ఒక్క క్షణం ఆలోచించండి. 117ను 118 కంటే ముందే ఎక్కించి ఉంటారు. అందువల్ల దాని గడువు ఇంకా ముందే తీరి ఉంటుంది. ఉన్న బిల్డ్ గడువు ముగిసినప్పుడు ఆ జాబితా పనికివచ్చే సందర్భం ఒకటే ఉంది: డెవలపర్ ఏదో పెద్ద లోపం కనిపించి కొత్త బిల్డ్‌ను తానే గడువు ముగిసినట్టుగా మూసివేసినప్పుడు, అంతకుముందుది ఇంకా 90 రోజుల లోపలే ఉంటే దానికి వెనక్కి వెళ్లవచ్చు. ఇక్కడ అది వర్తించదు.

రాతపుస్తకం

స్టోర్‌లో 1.9 ఇప్పటికీ ఉంది. దానిని బీటా మీద ఇన్‌స్టాల్ చేసుకుంటే రాతలు కనిపిస్తాయా? ఒకవైపు అదే సరైనదనిపిస్తోంది, మరోవైపు చేయి ఆడటం లేదు.

బిల్డుమేస్త్రి

చేయి ఆడకపోవడమే మంచిదైంది. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి.

బీటాకూ స్టోర్ రూపానికీ గుర్తింపు ఒకటే కాబట్టి ఫోను వాటిని ఒకే యాప్‌గా చూస్తుంది. ఒకదాని మీద మరొకటి ఇన్‌స్టాల్ చేసినప్పుడు లోపలి సమాచార సంచి చెక్కుచెదరదు, యాప్ ఒక్కటే మారుతుంది. మీరు 1.9 నుంచి 2.0కు మారినప్పుడు పాత రాతలు కనిపించింది అందువల్లనే. కానీ అప్పుడు తెర వెనుక ఇంకొక పని జరిగి ఉండవచ్చు. 2.0 మొదటిసారి తెరుచుకున్నప్పుడు పాత డేటాబేస్‌ను కొత్త ఆకృతిలోకి మార్చి ఉంటుంది. పెద్ద వెర్షన్ మారినప్పుడు చాలామంది అలాగే చేస్తారు. ఆ మార్పు ఒకవైపు దారి. 2.0కు 1.9 భాష తెలుసు, 1.9కి మాత్రం తర్వాత పుట్టిన 2.0 భాష తెలియదు.

ఇప్పుడు 1.9ను దాని మీద పెడితే మూడింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. ఆకృతి మారి ఉండకపోతే అన్నీ మామూలుగా కనిపిస్తాయి. మారి ఉంటే, జాగ్రత్తగా రాసిన యాప్ ఇది నాకు అర్థం కావడం లేదని చెప్పి ఆగిపోతుంది, లేదా తెరుచుకోగానే మూసుకుపోతుంది. ఈ రెంటిలోనూ సమాచారం పోదు. భయపడవలసింది మూడోదానికి: డేటాబేస్ చదవలేకపోతే అది పాడైందని భావించి, దాన్ని పక్కన పడేసి కొత్త ఖాళీ డేటాబేస్ సృష్టించే యాప్‌లు కూడా ఉన్నాయి. మీ యాప్ ఏ జాతిదో బయటి నుంచి చూసి ఎవరూ చెప్పలేరు, డెవలపర్ ఒక్కరే చెప్పగలరు.

కనుక వరుస ఇది. మొదట ఫోనును కంప్యూటరుకు కలిపి పూర్తి బ్యాకప్ తీసుకోండి. తర్వాత డెవలపర్‌కు రాసి రెండు విషయాలు అడగండి: 118 గడువు తీరింది, కొత్త బిల్డ్ ఎప్పుడు ఎక్కిస్తారు, 2.0 రాతలను 1.9 చదవగలదా? జవాబు వచ్చేదాకా ఆ చిహ్నాన్ని ముట్టుకోవద్దు.

నెమలికన్ను

బ్యాకప్ నుంచి ఫోనును పునరుద్ధరిస్తే యాప్ కూడా తిరిగి వస్తుంది కదా, ఆగస్టు నాటి స్థితికి వెళ్లిపోవచ్చు కదా?

మరమ్మతుదారు

బ్యాకప్‌లో యాప్ సమాచారం ఉంటుంది, యాప్ ఉండదు. పునరుద్ధరించినప్పుడు ఫోను యాప్‌లను మళ్లీ స్టోర్ నుంచి దించుకుంటుంది, గడువు తీరిన బీటా మాత్రం ఎక్కడా దొరకదు. అందుచేత బ్యాకప్ అన్నది 1.9 ప్రయోగం వికటిస్తే వెనక్కి రావడానికి ఆధారమే తప్ప, గడువు తీరిన బీటాను లేపే మందు కాదు.

ఇంకొక చిన్న దారి ఉంది. ఫైల్స్ యాప్‌లో ఫోనులో ఉన్నవాటి జాబితా తెరిచి, ఈ దినచర్య పేరుతో ఫోల్డరు ఉందేమో చూడండి. కొందరు డెవలపర్లు తమ యాప్ దస్త్రాలను అక్కడ కనిపించేలా ఉంచుతారు. అలా ఉంటే యాప్ తెరుచుకోకపోయినా ఆ దస్త్రాలను కాపీ చేసుకోవచ్చు.

రాతపుస్తకం

ఫోల్డరు ఉంది కానీ, అందులో నేను రాతలకు జోడించిన ఫొటోలు మాత్రమే ఉన్నాయి. రాతలు లేవు. ఫొటోలను కాపీ చేసుకున్నాను, బ్యాకప్ కూడా తీసుకున్నాను. డెవలపర్‌కు రాశాను.

ఒక సందేహం: ఆయన నన్ను ముందే హెచ్చరించి ఉండవచ్చు కదా? ఒక్క మెయిల్ కూడా రాలేదు.

బిల్డుమేస్త్రి

మీరు ఏ దారిన చేరారన్నది ఇక్కడ తేడా తెస్తుంది. డెవలపర్ మీ మెయిల్ చిరునామాను తానే నమోదు చేసి ఆహ్వానం పంపితే మీరెవరో ఆయనకు తెలుస్తుంది. బహిరంగ లింక్‌తో చేరినవారి పేరు, చిరునామా డెవలపర్‌కు కనిపించవు, జాబితాలో అనామకులుగానే ఉంటారు. మీరు ఏ రకం ఫోను వాడుతున్నారు, యాప్‌ను ఎన్నిసార్లు తెరిచారు, అది ఎన్నిసార్లు కుప్పకూలింది అన్నవి కనిపిస్తాయి. మీకు విడిగా ఉత్తరం రాయడానికి ఆయన దగ్గర చిరునామా లేదు. కొత్త బిల్డ్ విడుదల చేస్తే మాత్రం టెస్ట్‌ఫ్లైటే మీకు తెలియజేస్తుంది.

వేగుచుక్క

ఇంతసేపూ అందరూ గడువును ప్రకృతి ధర్మంలాగా మాట్లాడుతున్నారు. అసలు ఎందుకుండాలి? నా ఫోనులో, నా అనుమతితో, ఏ లోపమూ లేకుండా నడుస్తున్న యాప్‌ను ఒక సంఖ్య నిండిందని ఆపడం దేనికి? గడువు తీరాక కొత్తవారిని చేరనివ్వకపోతే చాలు కదా, ఉన్నవారి దగ్గర ఎందుకు మూయాలి? ఇదంతా డెవలపర్లను స్టోర్ గుమ్మం దాటకుండా కట్టిపడేయడానికే అని నా అభిప్రాయం.

బిల్డుమేస్త్రి

మీ చివరి వాక్యంలో సగం నిజముంది, నేనూ దాచను. టెస్ట్‌ఫ్లైట్‌లో బయటివారిని 10,000 మంది వరకు చేర్చుకోవచ్చు. బయటివారికి ఇచ్చే బీటాకూ యాపిల్ సమీక్ష ఉంది కానీ, ఒక వెర్షన్ తొలి బిల్డ్‌ను చూశాక అదే వెర్షన్‌లో తర్వాతి బిల్డ్‌లకు పూర్తి సమీక్ష జరగకపోవచ్చు. గడువు అనేదే లేకపోతే పదివేల మంది వాడుకరులున్న యాప్‌ను స్టోర్‌లో పెట్టకుండా బీటాగానే శాశ్వతంగా నడపవచ్చు. పరీక్షకులను చేర్చుకున్నందుకు ప్రతిఫలం తీసుకోరాదని, విరాళాలిచ్చినవారికి బహుమతిగా కూడా బీటాను ఇవ్వరాదని నియమం ఉన్నది కూడా ఇందుకే. ఈ మూడింటినీ కలిపి చూస్తే, బీటాను పంపిణీ మార్గంగా మారనివ్వకూడదన్న ఉద్దేశం కనిపిస్తుంది.

కానీ మిగతా సగం డెవలపర్‌కు మేలు చేసేది. టెస్ట్‌ఫ్లైట్‌కు మారక ముందు మేము ఏడాది చెల్లుబాటు ఉండే పద్ధతిలో ఫోన్లను నమోదు చేసుకుని బిల్డ్‌లు పంపేవాళ్లం. ఒక పరీక్షకుడు రెండు రోజులపాటు పద్నాలుగు స్క్రీన్‌షాట్లతో ఒక లోపాన్ని ఎంతో శ్రద్ధగా నివేదించాడు. మేమూ ఒకరోజంతా దాన్ని పునఃసృష్టించడానికి తంటాలు పడ్డాం, కుదరలేదు. చివరికి బిల్డ్ సంఖ్య అడిగితే తెలిసింది, అతని దగ్గరున్నది ఎనిమిది నెలల కిందటిది, ఆ లోపాన్ని ఏడు నెలల కిందటే సరిచేశాం. ఇంకొకరి ఫోనులోని పాత బిల్డ్, మేము ఎప్పుడో రద్దు చేసిన సర్వర్ చిరునామాకు రోజూ అభ్యర్థనలు పంపుతూనే ఉండేది. పాత బిల్డ్‌లు తమంతట తాము ఆగకపోతే వాటి వెనకాల సర్వర్‌ను ఎంతకాలం నిలపాలో తెలియదు.

వేగుచుక్క

ఆ పని హెచ్చరికతో కూడా జరుగుతుంది. పాత బిల్డ్ తెరవగానే ఇది పాతది, అప్‌డేట్ చేసుకోండి అని చెప్పవచ్చు. కావాలంటే డెవలపరే సర్వర్ వైపు నుంచి నిరాకరించవచ్చు. తలుపు మూసేముందు లోపలున్న సామాను తీసుకోవడానికైనా ఒక వారం చదవడానికి మాత్రమే తెరిచి ఉంచవచ్చు. రాతపుస్తకం గారి రాతలకు ఏ సర్వర్‌తోనూ పని లేదు.

మరమ్మతుదారు

చదవడానికి మాత్రమే తెరవడం అన్నది యాప్ లోపలి విషయం, దాన్ని ఫోను బయటి నుంచి అమలు చేయలేదు. ఫోనుకు తెలిసినది యాప్‌ను నడపడం లేదా నడపకపోవడం. అయినా మీ మాటలో న్యాయం ఉంది, గడువుకు ముందు రోజున పెద్ద అక్షరాలతో ఒక హెచ్చరిక యాప్ తెరపైనే వస్తే ఈ చర్చే ఉండేది కాదు.

వేగుచుక్క

సరే, గడువు ఉండాలనే అనుకుందాం. 90 ఎందుకు? 365 ఎందుకు కాకూడదు?

బిల్డుమేస్త్రి

ఆ సంఖ్య వెనక ఏ తర్కం ఉందో యాపిల్‌కే తెలియాలి. తొలినాళ్లలో 30 రోజులే ఉండేది, తర్వాత 60 చేశారు, ఇప్పుడు 90. నెలకొకసారి గడువు తీరే రోజుల్లో మేము ఏ మార్పూ లేకపోయినా కేవలం సంఖ్య పెంచడానికి బిల్డ్‌లు ఎక్కించేవాళ్లం. దానితో పోలిస్తే ఇప్పుడు ఊపిరి ఆడుతోంది. మీ 365 కూడా ఒకనాటికి వస్తుందేమో.

ఒంటరిపిచ్చుక

30, 60, 90... ఇది గడువా, గుణకార పట్టికా?

నెమలికన్ను

చిన్న సలహా. ఇలాంటప్పుడు టెస్ట్‌ఫ్లైట్‌లో `Stop Testing` నొక్కి, అదే లింక్‌తో మళ్లీ చేరితే అంతా తాజాగా మొదలవుతుందేమో?

మరమ్మతుదారు

అది అస్సలు వద్దు. గడువు బిల్డ్‌ది కాబట్టి మళ్లీ చేరినా అదే 118 ఎదురవుతుంది. ఇంకా చెడ్డ సంగతి ఏమిటంటే, బహిరంగ లింక్‌కు ఇంతమందే అని డెవలపర్ పరిమితి పెట్టుకోవచ్చు. మీరు వదిలిన చోటును వేరొకరు తీసుకుంటే, తిరిగి వచ్చేసరికి బీటా నిండిపోయిందన్న సందేశం కనిపిస్తుంది. నాకు ఒక వాతావరణ యాప్ విషయంలో ఇదే జరిగింది, ఫోను శుభ్రం చేద్దామని బయటికి వచ్చాను, ఇప్పటికీ మళ్లీ లోపలికి వెళ్లలేదు.

రాతపుస్తకం

జవాబు వచ్చింది. కొత్త పరికరంతో సమకాలీకరణ పని మీద కూర్చుని ఆ తేదీ సంగతే మరిచిపోయానని, క్షమించమని రాశారు. 2.0 డేటాబేస్‌ను 1.9 చదవలేదట, కానీ చెరిపివేయదు, లోపం చూపించి ఆగిపోతుందట. ఏదేమైనా 1.9 పెట్టవద్దని, సెప్టెంబరు 11న 119ని ఎక్కించానని, ముందుగా తన బృందంలో ఒకరిద్దరు చూశాక బయటివారికి వదులుతానని చెప్పారు.

అర్ధరాత్రిదీపం

అయితే 119 వచ్చేదాకా మీ యాప్‌ను ఫోను సెట్టింగ్స్‌లో నిల్వ స్థలం దగ్గర `Offload App` చేసి పెట్టండి. అప్పుడు యాప్ పోయి సమాచారం మిగులుతుంది, సురక్షితంగా ఉంటుంది.

బిల్డుమేస్త్రి

సమాచారం మిగులుతుందన్నది నిజమే. కానీ ఇప్పుడూ మిగిలే ఉంది కదా, దానివల్ల కొత్తగా వచ్చే రక్షణ ఏదీ లేదు. పైగా ఆ బొత్తానికి ఆనుకునే `Delete App` ఉంటుంది. వేలు అరంగుళం జారితే మూడేళ్లు.

రాతపుస్తకం

ఈరోజు, అంటే 13న, టెస్ట్‌ఫ్లైట్ నుంచి సందేశం వచ్చింది. 119ని ఉన్నదాని మీదే అప్‌డేట్ చేశాను. తెరుచుకుంది, రాతలన్నీ ఉన్నాయి, సెప్టెంబరు 7 రాత్రి సగంలో ఆపిన వాక్యం కూడా అలాగే ఉంది. మొదట ఎగుమతి చేసి, ఆ దస్త్రాన్ని కంప్యూటరులో పెట్టుకున్నాను. 

కాకపోతే కొత్త బిల్డ్‌కు 90 రోజులు అన్నారు, నాకు మాత్రం `Expires in 88 days` అని చూపుతోంది. ఇందులో కూడా ఏదైనా తేడా ఉందా?

మరమ్మతుదారు

11న ఎక్కించారు, మీకు 13న అందింది. మధ్యలో వాళ్ల బృందం చూసుకున్న రెండు రోజులు కూడా మీ ఖాతాలోనే పడ్డాయి. డిసెంబరు 10న ముగుస్తుంది.

రాతపుస్తకం

డిసెంబరు 1న ఎగుమతి చేయాలని గుర్తు పెట్టుకున్నాను. ఈ యాప్‌లో కాదు, గోడ మీది క్యాలెండరులో.

వేగుచుక్క

ఆ ఒక వారం సంగతి మాత్రం నేను వదిలిపెట్టను.